అరవై దగ్గర ఆగని వెలుగు

మధ్యాహ్నం మూడు దాటితే ఆ గదిలో మనుషుల ఎముకలు పలచబడిపోతాయని ఆసుపత్రి ఊడ్చి తుడిచే ఆయమ్మ చెప్పింది. చెబుతున్నప్పుడు నా ముఖంలోకి చూడలేదు. చేతిలోని తడిగుడ్డ పిండుతూ ఎక్స్‌రే గది తలుపు వైపే చూసింది.

"పొద్దున తీసినవాళ్లవి తెల్లగా గట్టిగా కనిపిస్తాయి బాబూ. మూడు దాటాక తీసినవాళ్లవి పొగ. చెయ్యి పొగ, కాలు పొగ. నేను మూడు లోపలే తుడిచేసి వచ్చేస్తాను. ఆ తర్వాత లక్ష ఇచ్చినా లోపలికి పోను."

"నీ ఎముకలు కూడా పోతాయనా?"

"నవ్వు బాబూ, నవ్వు. మీ వదిన కూడా మొదట్లో ఇలాగే నవ్వింది."

ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది.

ఆసుపత్రుల్లో ఎక్స్‌రే మెషీన్లను పరీక్షించి, వాడకానికి పనికొస్తాయో లేదో రాసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కినవాణ్ని నేనొక్కణ్నే. అన్నయ్య పదో తరగతితో చదువు ఆపేసి బస్సుల వర్క్‌షాపులో చేరాడు. తను ఆపేశాడు కాబట్టి నేను ఆపలేదు. వదిన ఈ ఆసుపత్రిలో తొమ్మిదేళ్లుగా ఎక్స్‌రే టెక్నీషియన్. భౌతికశాస్త్రం తీసుకొమ్మని నాకు చెప్పింది కూడా ఆవిడే. "నేను మీట నొక్కుతాను, లోపల ఏం జరుగుతుందో నాకు తెలీదు. నువ్వైనా తెలుసుకుని నాకు చెప్పు" అంది.

ఇప్పుడు ఆవిడ ఉద్యోగం పోయేలా ఉంది. శనివారం ఉదయం విచారణ కమిటీ చివరిసారి కూర్చుంటుంది. నేను మెషీన్ దగ్గరికి వచ్చింది శుక్రవారం.

జరిగింది ఇది. ఒక ముసలి దర్జీ మెట్ల మీద జారి చేతి మీద పడ్డాడు. సాయంత్రం నాలుగింటికి వదిన మణికట్టు ఎక్స్‌రే తీసింది. డాక్టరు చూసి విరగలేదన్నాడు. రెండు నెలలు పోయాక ఆయనకు కత్తెర పట్టు తప్పింది. వేరే చోట తీయిస్తే మణికట్టులో చిన్న ఎముక విరిగి, అతకాల్సినట్టు అతకలేదని తేలింది. పాత ఎక్స్‌రేని మళ్లీ తీసి చూశారు. అంతా ఒకే బూడిదరంగు. ఎముకకీ కండకీ తేడా లేదు. అందులో సన్నటి పగులు ఎవరికీ కనిపించదు.

కమిటీవాళ్లు అక్కడితో ఆగలేదు. ప్రతి ఎక్స్‌రే మూలన కంప్యూటర్ ఒక అంకె వేస్తుంది, పలక మీద ఎంత కిరణం పడిందో చెప్పే అంకె. ఉదయం తీసినవన్నీ హద్దులో ఉన్నాయి. మధ్యాహ్నం మూడు తర్వాత తీసినవి మూడింతలు, నాలుగింతలు. ఉదయం డ్యూటీ సీనియర్ టెక్నీషియన్‌ది, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషిది. మధ్యాహ్నం డ్యూటీ వదినది. భోజనం చేసి నిద్రమత్తులో అరవై పెట్టాల్సిన చోట ఎనభై పెడుతోందని తేల్చారు.

ఆ ఫైల్లో మొదటి కాగితం మూడు నెలల కిందట నేనిచ్చిన సర్టిఫికెట్. పెట్టిన వోల్టేజీకీ వచ్చిన వోల్టేజీకీ తేడా ఒక్క శాతం లోపే. మెషీన్ వాడకానికి యోగ్యం. కింద నా సంతకం. మెషీన్‌ది తప్పు లేకపోతే తప్పు చేతిది.

మళ్లీ పరీక్షించమని ఆసుపత్రి అడిగినప్పుడు ఆ టెక్నీషియన్ మా వదిన అని మా ఆఫీసు పెద్దసారుకు ముందే చెప్పాను. ఆయన కళ్లజోడు మీదుగా చూశాడు.

"వేరే మనిషి లేడయ్యా. నువ్వే వెళ్లు. అభిప్రాయాలు రాయకు. గ్రాఫు పెట్టు. గ్రాఫుకి వదినలుండరు."

గురువారం సాయంత్రం అన్నయ్య ఇంటికి వెళ్లాను. అన్నయ్య గోళ్ల సందుల్లోని గ్రీజు పోయేలా సబ్బుతో రుద్దుకుంటున్నాడు. వదిన పాపకు జడ వేస్తోంది. వేస్తూ వేస్తూ జడ వదిలేసి పాప మణికట్టు పట్టుకుంది. బొటనవేలితో నొక్కి, లోపల ఎముక ఉందో లేదో చూస్తున్నట్టు తడిమింది.

"అమ్మా, నొప్పి" అంది పాప.

వదిన చెయ్యి తీసేసింది. "రా సైంటిస్టూ, కూర్చో. నీ సర్టిఫికెట్టే నా మెడకి ఉరి తెలుసా?" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"వదినా, నిజం చెప్పు. అరవైయే పెడుతున్నావా?"

"అరవైయే. పెట్టి మూడుసార్లు చూసుకుంటాను. ఈమధ్య ఫోన్లో ఫొటో కూడా తీసుకుంటున్నాను. ఇదిగో." ఫోన్ చూపించింది. పచ్చటి అంకెలు: 60. అలాంటివి ముప్పై, నలభై. "ఫొటోలో అరవై. మీట నొక్కుతాను. వచ్చిన బొమ్మలో మనిషి ఉండడు. ఉంటాడు, కానీ ఆరిపోతున్న పొయ్యి మీద పొగలా ఉంటాడు. నాకే ఏదో అయిందేమో అనిపిస్తోంది. నా కళ్లు ఒకటి చూస్తుంటే నా వేళ్లు ఇంకోటి చేస్తున్నాయేమో. అలా జరుగుతుందా?"

అన్నయ్య సబ్బు కింద పెట్టాడు. "ఒరే, నాకు అర్థమయ్యేలా చెప్పు. అరవై అంటే ఏంటి? ఎనభై అంటే ఏంటి?"

చెప్పాను. ఎక్స్‌రే ట్యూబులో ఒక చివర వేడెక్కిన తీగ నుంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. రెండో చివర టంగ్‌స్టన్ బిళ్ల ఉంటుంది. మధ్యలో అరవై వేల వోల్టులు పెడితే ప్రతి ఎలక్ట్రానూ అరవై కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వెళ్లి బిళ్లకు కొట్టుకుంటుంది. ఆ శక్తిలో చాలా భాగం వేడైపోతుంది. కొద్ది భాగం ఎక్స్‌రే కిరణమవుతుంది. ఒకసారి పది, ఒకసారి ముప్పై, ఎప్పుడో ఒకసారి ఎలక్ట్రాన్ తన శక్తి మొత్తం ఒకే ఒక్క కిరణానికి ఇచ్చేస్తుంది. అప్పుడు వచ్చే కిరణానిది అరవై. అంతకు మించి రాదు.

"బావిలో ఉంటే కదా చేదలోకి వచ్చేది" అన్నాడు అన్నయ్య.

"అంతే. శక్తి పెరిగేకొద్దీ కిరణం తరంగం పొట్టిదవుతుంది. పన్నెండు పాయింట్ నాలుగుని కిలోవోల్టులతో భాగిస్తే అన్నిటికన్నా పొట్టి తరంగం పొడుగు ఆంగ్‌స్ట్రాముల్లో వస్తుంది. అరవైకి సుమారు సున్నా పాయింట్ రెండు సున్నా ఏడు. దానికన్నా పొట్టిది ఆ ట్యూబులో పుట్టకూడదు. పొట్టి తరంగాలు ఎక్కువైతే అవి ఎముకలోంచి కూడా కండలోంచి వెళ్లినట్టే వెళ్లిపోతాయి. ఎముక నీడ చిక్కగా పడదు. వదినకు కనిపించే పొగ అదే."

"మరి అరవై పెట్టినప్పుడు అరవై దాటింది ఒక్కటైనా కనిపిస్తే?"

"అరవై అంకెల్లో మాత్రమే ఉందన్నమాట. లేదా లోకం తలకిందులైందన్నమాట."

"లోకం సంగతి తర్వాత చూద్దువుగాని. ముందు మీ వదిన సంగతి చూడు" అని అన్నయ్య మళ్లీ సబ్బు తీసుకున్నాడు.

వోల్టేజీ కొలిచే మా ఆఫీసు మీటర్ ఏటా జరిగే సరిచూపుకు వెళ్లి ఉంది. అందుకని నాకు పాఠాలు చెప్పిన లెక్చరర్ దగ్గర స్పెక్ట్రోమీటర్ అడిగి తెచ్చాను. అది ఒక్కో కిరణాన్నీ విడిగా పట్టి, దాని శక్తెంతో చూసి, ఆ శక్తి దగ్గర ఒక చుక్క వేస్తుంది. చుక్కలు పోగై గ్రాఫు అవుతాయి. మీటర్ ఒక్క అంకె చెబుతుంది, ఇది ఊరి జనాభా మొత్తాన్ని వరసలో నిలబెడుతుంది.

శుక్రవారం ఉదయం ఎనిమిదికి ఆ గదిలోకి వెళ్లాను. కిటికీలు లేవు. తలుపులో సీసపు రేకు ఉండటంతో మూసుకున్నప్పుడు చప్పుడు లోపలికి పోయినట్టుంటుంది. బల్ల మీద వేలాడే ట్యూబు, మూలన మనిషెత్తు ఇనుప పెట్టె, దానిలోనే హైవోల్టేజీ పుడుతుంది. పక్క గదిలో సీసపు గాజు వెనక ప్యానెల్.

ముందు నా పరికరాన్ని సరిచూసుకున్నాను. నాతో రెండు చిన్న రేడియోధార్మిక బిళ్లలున్నాయి. ఒకదాని కిరణం 59.5 దగ్గర, రెండోదానిది 122 దగ్గర పడాలి. పడ్డాయి. తర్వాత అందులో కిరణాల్ని పట్టే డిటెక్టర్‌ని బల్ల మీద పెట్టి, గుండుసూది మొనంత రంధ్రమున్న మూత బిగించాను. పరీక్ష కోసం పొద్దునే వచ్చిన వదిన అరవై పెట్టింది. మీట నొక్కింది. ఇరవై సార్లు.

గ్రాఫు చిన్న గుట్టలా లేచింది. వాలు జారి జారి సరిగ్గా అరవై దగ్గర నేలకు ఆనింది. అవతల ఒక్క చుక్క లేదు.

మేనేజర్ నా వెనకే నిలబడి చూస్తున్నాడు. "నాకు సైన్సు తెలీదు సార్. అరవై పెట్టారు, అరవై దగ్గర ఆగింది. మెషీన్ బంగారం. ఇంకేం కావాలి?"

వదిన మీట మీదున్న తన వేలు వైపు చూసుకుంది. నేను ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఒక్క క్షణం నాకూ అనుమానం కలిగింది. ఆ అనుమానాన్ని ఆవిడ చూసిందని ఇప్పటికీ అనుకుంటాను.

"మూడు దాటనివ్వు" అంది మెల్లగా. "నువ్వెప్పుడూ పొద్దునే వస్తావు."

నిజమే. నేనే కాదు, ఈ పని చేసేవాళ్లందరం పొద్దునే వస్తాం. రోగులు రాకముందు, మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు, చల్లగా ఉన్నప్పుడు. పది షాట్లు కొట్టి, అంకెలు రాసుకుని, జనం మొదలయ్యేలోగా బయటపడతాం. ఎవరికీ అడ్డం రాకూడదని నేర్పిన మర్యాద అది. మర్యాద కాబట్టి దాన్ని ఎవరూ ప్రశ్నించలేదు.

పదకొండింటికి పెద్దాయన టీ తాగుతుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం మెషీన్ ఎలా ఉంటుందని అడిగాను.

"అలుగుతుంది" అన్నాడాయన మామూలుగా. "మూడు తర్వాత ఛాతీ తీద్దామని వంద, నూటపది పెడితే టక్కున ఆగిపోతుంది. అందుకే ఛాతీలన్నీ పొద్దున నేను తీసేస్తాను. చేతులూ కాళ్లూ మాత్రం అమ్మాయికి వదిలేస్తాను."

"ఎన్నాళ్లుగా?"

"నాలుగైదు నెలలై ఉంటుంది."

"నాకెందుకు చెప్పలేదు? మూడు నెలల కిందట వచ్చాను కదా."

"నువ్వడిగితే కదా చెప్పేది. ఎనిమిదికి వచ్చి ఎనిమిదిన్నరకి వెళ్లిపోతివి. టీ కూడా తాగలేదు."

ఒంటిగంట నుంచి ఆ గదిలోకి రోగుల్ని పంపొద్దని వదినతో చెప్పించాను. మెషీన్‌కి మాత్రం రోజూ ఉండే పని తగ్గకూడదు. అందుకని మనిషి బదులు నీళ్లు నింపిన ప్లాస్టిక్ క్యాన్ పెట్టాం. అందులో మేక కాలి ఎముక. ఫోన్ చేస్తే అన్నయ్య కసాయి దగ్గర తెచ్చి ఇచ్చాడు. "ఎందుకన్నా అని వాడడిగాడు. మా తమ్ముడు దానికి ఎక్స్‌రే తీస్తాడన్నాను. మేకకి ఇప్పుడు ట్రీట్‌మెంట్ ఎందుకన్నా, ఆలస్యమైపోయింది అన్నాడు" అని చెప్పి తనే నవ్వుకుంటూ వెళ్లాడు.

రెండు నిమిషాలకొక షాటు. వదిన మీట నొక్కుతుంది. లోపల ట్యూబు బిళ్ల గిర్రున తిరిగే చప్పుడు లేస్తుంది, టిక్కుమంటుంది, చప్పుడు దిగిపోతుంది. మళ్లీ నిశ్శబ్దం. అరగంటకొకసారి ఎముక బొమ్మ తీసి తెర మీద పెట్టాం. ఒంటిగంటన్నరకి ఎముక సుద్దముక్కలా తెల్లగా ఉంది. రెండింటికి అలాగే ఉంది. రెండున్నరకీ అలాగే ఉంది.

"ఇవాళ మంచిగా ఉంటుందేమో" అంది వదిన. నవ్వులేని గొంతు. "నువ్వున్నావని."

"మెషీన్‌కి మొహమాటం ఉండదు వదినా."

"ఉండకూడదనే అనుకున్నాను నేనూ."

మూడు దాటి ఐదు నిమిషాలకి తీసిన బొమ్మ తెర మీద మెల్లగా తేలింది. అదే క్యాన్, అదే నీళ్లు. మధ్యలో ఎముక ఉండాల్సిన చోట ఎముక ఆకారంలో ఒక మసక ఉంది. అంచులు నీళ్లలో కరిగిపోతున్నట్టున్నాయి. చచ్చిన మేక ఎముక అది, దానికి ఇంకేం జరగడానికి లేదు. అయినా దానిలోంచి ఏదో వెళ్లిపోయినట్టు అనిపించింది. నేను గాజులోంచి లోపలికి చూశాను. క్యాన్ అక్కడే ఉంది. ఎముక తెల్లగా, గట్టిగా, నీళ్లలో అక్కడే ఉంది.

వదిన వేలెత్తి ప్యానెల్ చూపించింది. పచ్చటి అంకెలు. 60.

"చూస్తున్నావా?" గుసగుసగా అడిగింది. "నీక్కూడా అరవైయే కనిపిస్తోందా?"

"అరవైయే వదినా."

ఆవిడ వదిలిన ఊపిరి నాకు వినిపించింది. నాలుగు నెలలుగా బిగపట్టుకున్నది కావచ్చు.

క్యాన్ తీసేసి డిటెక్టర్ పెట్టాను. తలుపు మూశాం. మొదటి షాటు. గుట్ట లేవడం మొదలైంది. పది, ఇరవై, నలభై. అరవై దగ్గరికొచ్చింది. అరవై అవతల, ఏమీ ఉండకూడని నల్లటి ఖాళీలో ఒక చుక్క పడింది. అరవై ఎనిమిది దగ్గర. ఇంకొకటి డెబ్భై మూడు దగ్గర. రెండో షాటుకి అక్కడ చుక్కలు గుంపుగా వచ్చాయి. మూసేసిన ఇంట్లో కిటికీలు ఒక్కొక్కటే వెలుగుతున్నట్టు వచ్చాయి. వాళ్లెవరూ ఆ ఇంటివాళ్లు కారు.

చేతుల మీద రోమాలు లేచాయి. చదువుకున్నవాణ్ని, ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ చదువుకున్నందువల్లే లేచాయి. ఆయమ్మకి ఆ చుక్కలు చుక్కలే. అవి అక్కడ ఉండకూడదని నాకు తెలుసు.

పదో షాటుకి ఇంకొకటి జరిగింది. గుట్ట మీద రెండు సన్నటి సూదులు నిలువుగా లేచాయి. ఒకటి 59 దగ్గర, ఒకటి 67 దగ్గర.

"అవేంటి?" అంది వదిన.

"టంగ్‌స్టన్ సంతకాలు. వచ్చే ఎలక్ట్రాన్ టంగ్‌స్టన్ పరమాణువు లోపలి పొరలోని ఎలక్ట్రాన్‌ని తన్ని బయటికి పంపితే, ఆ ఖాళీ నిండేటప్పుడు ఈ కిరణాలు వస్తాయి. కానీ అలా తన్నాలంటే డెబ్భైకి దగ్గర దగ్గర, అరవై తొమ్మిదిన్నర కావాలి. అరవైతో వచ్చే ఎలక్ట్రాన్‌కి ఆ బలం లేదు. పొద్దున గ్రాఫులో ఈ సూదులు లేవు, గుర్తుందా?"

"మరి ఇప్పుడెవరు తన్నారు?"

సమాధానం నోటిదాకా వచ్చినా ఆపుకున్నాను. గ్రాఫుకి వదినలుండరు. నేను ముందు నన్ను అనుమానించుకోవాలి. డిటెక్టర్‌కి ఒక బలహీనత ఉంది. రెండు కిరణాలు ఒకేసారి వచ్చి పడితే వాటిని ఒకటిగా లెక్కేస్తుంది. ముప్పైదొకటి, నలభైదొకటి కలిసి డెబ్భైగా కనిపిస్తాయి. అరవై అవతల పడ్డవి అలాంటి దొంగ చుక్కలేనేమో. తేల్చడానికి దారుంది. రద్దీ తగ్గిస్తే జంటలు ఇంకా వేగంగా తగ్గిపోవాలి. కరెంటు సగం చేసి, ఇంకా చిన్న రంధ్రమున్న మూత బిగించాను. వదిన నలభై సార్లు మీట నొక్కింది. చుక్కలు నెమ్మదిగా వచ్చాయి కానీ గుట్ట ఆకారం మారలేదు. అవతలివాళ్ల వాటా తగ్గలేదు. సూదులు అదే చోట నిలబడ్డాయి. నా బిళ్లలు మళ్లీ పెట్టి చూశాను. 59.5 అక్కడే, 122 అక్కడే. పరికరం తప్పు చెప్పడం లేదు.

గ్రాఫు వాలు ఎక్కడ నేలకు ఆనిందో గీత గీసి చూశాను. ఎనభై నాలుగు.

కాగితం మీద పన్నెండు పాయింట్ నాలుగుని ఎనభై నాలుగుతో భాగించాను. సున్నా పాయింట్ ఒకటి నాలుగు ఎనిమిది. అరవై పెట్టిన ట్యూబులో పుట్టకూడనంత పొట్టి తరంగం. మనుషుల చేతుల్లోంచి, కాళ్లలోంచి, ఆ దర్జీ మణికట్టులోంచి ఎముకను పట్టించుకోకుండా వెళ్లిపోయింది ఇదే.

"లోపల ఎనభై నాలుగు వేల వోల్టులున్నాయి వదినా. అరవై అని మెషీన్ నమ్ముతోంది" అన్నాను. "ఆ ఇనుప పెట్టెలో హైవోల్టేజీ నుంచి చిన్న వాటా తీసి కొలిచే సర్క్యూట్ ఉంటుంది. అది చెప్పిందాన్ని బట్టే మెషీన్ వోల్టేజీ పెంచుతుంది, తగ్గిస్తుంది. పెట్టెలో నింపిన నూనె వేడెక్కాక ఆ వాటా ఎక్కడో కారిపోతున్నట్టుంది. తక్కువుందని చెబుతుంది. మెషీన్ పెంచుతుంది. ప్యానెల్ కూడా దాన్నే అడుగుతుంది. ఎక్కువైతే ఆపాల్సిన రక్షణ కూడా దాన్నే అడుగుతుంది. వందకి పైన పెట్టినప్పుడు అలిగిందంటే లోపల నూట నలభై అయి, నిజంగానే మెరుపు దూకి ఉంటుంది. అరవైకి అలగలేదు. చెప్పకుండా భరించింది."

"నా చెయ్యి?"

"నీ చెయ్యి అరవై దగ్గరే ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంది."

వదిన తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. తప్పిపోయి దొరికిన పిల్లని పట్టుకున్నట్టు. ఏడవలేదు. 

తలుపు తోసుకుని మేనేజర్ వచ్చాడు. వెనక వీల్‌చైర్లో చీలమండ వాచిన ఒకావిడ. "ఒక్క ఫిల్ము తీసేయండమ్మా. ఆవిడ గంట నుంచి కూర్చుంది."

"తీయను సార్" అంది వదిన. ఆవిడ నా వైపు చూడలేదు. ఎవరి అనుమతీ అడగలేదు.

నేను గ్రాఫులు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఉదయం ఎనిమిది, మధ్యాహ్నం మూడున్నర. పొద్దున తనే అన్న మాట ఆయనకు గుర్తుంది. అరవై పెట్టారు, అరవై దగ్గర ఆగింది. ఇప్పుడు అరవై పెట్టారు, అరవై దగ్గర ఆగలేదు. సైన్సు తెలియనక్కర్లేకుండానే ఆయనకు అర్థమైంది. వీల్‌చైర్‌ని పక్క ఆసుపత్రికి పంపించి, తలుపు మూసి తిరిగొచ్చాడు.

"సరే. పాడైంది. మెషీన్లన్నాక పాడవుతాయి. ఇవాళ పాడైందని రాయండి."

"ఇవాళ కాదు సార్. ఎక్స్‌రేల మూలన అంకెలున్నాయి కదా. మధ్యాహ్నం అంకెలు పెరగడం మొదలై నాలుగు నెలలు దాటింది."

"మీరు సర్టిఫికెట్ ఇచ్చింది మూడు నెలల కిందట." గొంతు తగ్గించి, దాదాపు ప్రేమగా అన్నాడు. "ఆలోచించుకోండి సార్. నాలుగు నెలలని రాస్తే, మీరు చెడిపోయిన మెషీన్‌కి యోగ్యం అని రాసినట్టే. మీ లైసెన్స్ ఉంటుందా? ఇవాళ అని రాస్తే మీరూ బయటపడతారు, మేమూ బయటపడతాం. మీ వదినగారికి ఏదో చిన్న హెచ్చరికతో సరిపెడతాం. ఉద్యోగం పోదు. నా మాట."

ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే అందరికీ సరిపోయే దారి వెతుకుతున్నాడు. ఆ దారిలో వదిన ఉద్యోగం ఉంటుంది. దర్జీ చేతిని పాడుచేసిన చెయ్యి మాత్రం ఆవిడదిగానే ఉండిపోతుంది. రేపట్నుంచి ప్రతి రోజూ అంకెను మూడుసార్లు చూసుకుంటుంది. పాప మణికట్టు తడుముతుంది.

వదిన నాకేసి చూసింది. "నీ ఉద్యోగం కోసం మీ అన్న చదువు మానేశాడు. అది కూడా ఆలోచించు" అంది. బతిమాలినట్టు లేదు. లెక్కలో మర్చిపోయిన దాన్ని గుర్తుచేసినట్టుంది. ఆవిడ అంత న్యాయంగా మాట్లాడటమే నాకు కష్టమైంది.

బల్ల మీద కాగితం పెట్టుకుని రాశాను. మెషీన్ వేడెక్కాక అరవై కిలోవోల్టుల అమరికలో గరిష్ఠ ఫోటాన్ శక్తి ఎనభై నాలుగు కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఉదయం అరవై. టెక్నీషియన్ అమరికలో లోపం లేదు. ఎక్స్‌రేల అంకెలను బట్టి ఈ లోపం కనీసం నాలుగు నెలల నాటిది. మూడు నెలల కిందట నేను చల్లగా ఉన్న మెషీన్‌ని మాత్రమే పరీక్షించాను, ఆ సర్టిఫికెట్‌ని వెనక్కి తీసుకుంటున్నాను. చివరి వాక్యంలో అక్షరాలు వంకరపోయాయి. తిరగరాయలేదు.

తర్వాత ఎర్ర సీలు కాగితం ప్యానెల్ మీద అడ్డంగా అతికించాను. మెషీన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. కాగితం కింద నుంచి పచ్చటి అంకెలు మసకగా కనిపించాయి. 60. ఎవరూ అడక్కపోయినా అదే చెబుతోంది. వదిన వెళ్లి మెయిన్ స్విచ్ దింపింది.

శనివారం కమిటీ ముప్పావు గంట కూర్చుంది. వదిన మీద అభియోగం కొట్టేశారు. నా మీద విచారణ వేయమని మా ఆఫీసుకు ఉత్తరం రాశారు. పెద్దసారు ఫోన్ చేసి, "రాసింది బానే రాశావు. రెండు నెలలు సంతకాలు పెట్టకు. ఇకనుంచి మనవాళ్లందరూ మధ్యాహ్నం కూడా వెళ్తారు" అన్నాడు. ఆయన పొగిడాడో తిట్టాడో నాకు తెలియలేదు. రెండూ అనుకున్నాను.

నేను కమిటీ గదిలోంచి బయటికొచ్చేసరికి వదిన రికార్డుల గదిలో ఉంది. నాలుగు నెలల మధ్యాహ్నాల జాబితా అచ్చు తీసింది. రెండువందల పన్నెండు మంది. చేతులు, మోకాళ్లు, చీలమండలు. "వీళ్లలో ఎంతమందికి ఏం లేదని చెప్పి పంపించామో" అంది. పక్కన ఆయమ్మ కూర్చుని ఒక్కొక్క పేరూ నంబరూ చదువుతోంది. ఆయమ్మ గొంతు మామూలుగానే ఉంది, కానీ ప్రతి పేరు తర్వాత కొంచెం ఆగుతోంది, ఆ మనిషి లోపలికి రావడానికి దారిచ్చినట్టు. వాళ్లలో ఎవరికీ ఏమీ అనిపించి ఉండదు. పొట్టి తరంగం దాటిపోయేటప్పుడు నొప్పి పుట్టదు.

వదిన మొదటి నంబరు కలిపింది.

"నమస్తే అండీ, ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాను. లేదండీ, కంగారేం లేదు. ఫిబ్రవరిలో మీ పాపకి మోచెయ్యి ఎక్స్‌రే తీశాను కదా... ఆ, నేనే. ఇప్పుడు చెయ్యి పూర్తిగా చాపగలుగుతోందా?"

అవతల ఏదో అన్నారు. వదిన పెన్ను తీసుకుని, ఆ పేరు పక్కన రాయడం మొదలుపెట్టింది.